శాసనాల్లో ఆడవాళ్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

తెలుగు నేల మీద పాతకాలంలో ఆడవాళ్లు ఎలా బతికారు, ఏం పని చేశారు అని వెతికేవాళ్లు అటూ ఇటుగా ఇవే సందేహాలు అడుగుతుంటారు. అందుకే ఒకచోట పెట్టాను. అమరావతి స్తూపం నాటి నుంచి గోల్కొండ రాజ్యం దాకా, ఎక్కువగా రాతి శాసనాల గురించే ఉంటుంది. ఏ ప్రశ్నకా ప్రశ్న విడిగా చదువుకోవచ్చు.

## వెతకడం మొదలుపెట్టే ముందు

పాతకాలం ఆడవాళ్ల గురించి ఎవరూ ఏమీ రాయలేదంటారు. నిజమేనా?

రాశారు. అయితే వాళ్లు ఏదైనా ఇచ్చినప్పుడే రాశారు. అమరావతి స్తూపం రాళ్ల మీద చిన్నచిన్న ప్రాకృత శాసనాలు చాలా ఉన్నాయి. ఫలానా రాతిపలక ఫలానా వారి దానం అని ఒకటి రెండు పంక్తుల్లో చెబుతాయి. ఆ దాతల్లో భిక్షుణులున్నారు, ఉపాసికలున్నారు, గృహస్థుల భార్యలున్నారు.

శాసనం దినచర్య కాదు, దస్తావేజు. భూమి, పశువులు, డబ్బు, రాయి ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి మారితే దాన్ని ఎవరూ కాదనకుండా చెక్కించిన కాగితం లాంటిది. వరి నాటిన మనిషి, పిల్లను కన్న మనిషి, రాత్రంతా రోగి దగ్గర కూర్చున్న మనిషి అందులోకి రావడానికి దారే లేదు. పేద మగవాడికీ ఇదే గతి. కాకపోతే రైతు పన్ను కట్టేవాడిగానో, బోయ గుడి గొర్రెలు కాసేవాడిగానో అప్పుడప్పుడు పేరుతో కనిపిస్తారు. వాళ్ల ఇళ్లలో ఆడవాళ్లకు ఆ చిన్న సందు కూడా దొరకలేదు.

రాళ్లే ఎందుకు? తాటాకుల మీద లెక్కలు, ఉత్తరాలు ఉండేవి కదా?

ఉండేవి. మన ఎండకూ వానకూ చెదపురుగుకూ తాటాకు కొన్ని వందల ఏళ్లకు మించి నిలవదు. నిలవాలంటే ఎవరో ఒకరు కొత్త ఆకు మీదకు ఎత్తిరాయాలి. పురాణాన్ని, కావ్యాన్ని ఎత్తిరాస్తారు. పోయిన ఏడాది వంటింటి ఖర్చును ఎవరు ఎత్తిరాస్తారు?

దీనికి గట్టి ఉదాహరణ విజయనగరం. అచ్యుతరాయల కాలంలో అక్కడున్న పోర్చుగీసు వర్తకుడు నూనిజ్, రాజు అంతఃపురంలో కుస్తీ పట్టే స్త్రీలు, జ్యోతిషం చెప్పే స్త్రీలు ఉన్నారని రాశాడు. కోటలోపలి ఖర్చంతా లెక్కరాసే స్త్రీలు ఉన్నారన్నాడు. రాజ్య వ్యవహారాలు రాసుకుని, వాటిని బయటి రాయసగాళ్ల పుస్తకాలతో సరిచూసే స్త్రీలు కూడా ఉన్నారన్నాడు. అంటే ఆడవాళ్లు రాసిన అధికారిక లెక్కలే ఉండేవన్నమాట. ఆ పుస్తకాల్లో ఒక్క ఆకు కూడా మన చేతికి రాలేదు. ఒక విదేశీయుడు నాలుగు మాటలు రాసి ఉండకపోతే, ఆ ఉద్యోగం ఉండేదనే మనకు తెలిసేది కాదు.

రుద్రమదేవి ఉందిగా! ఆమె గురించి బోలెడు శాసనాలున్నాయి కదా?

ఉన్నాయి, కానీ ఆమె ఆడదని వాటిలో చాలా శాసనాలు చెప్పవు. 1262 నుంచి 1289 దాకా ఓరుగల్లును ఏలిన ఆమెను శాసనాలు తరచుగా "రుద్రదేవ మహారాజు" అనే పిలుస్తాయి. వేరే ఆధారం లేకుండా అలాంటి రాయి ఒక్కటే దొరికితే, ఇంకో మగరాజు అనుకుని ముందుకు వెళ్లిపోయేవాళ్లం. మోటుపల్లి రాజ్యాన్ని ఒక రాణి ఏలుతోందని మార్కోపోలో సరిగ్గానే రాశాడు గానీ, ఆమెను చనిపోయిన రాజు భార్య అన్నాడు. నిజానికి ఆమె గణపతిదేవుడి కూతురు.

ఆమె చావు సంగతి తెలిసింది కూడా ఇంకొకరి దానం వల్లే. నల్లగొండ జిల్లా చందుపట్లలో 1289 నవంబరు నాటి శాసనం ఉంది. కాకతి రుద్రమదేవి, మల్లికార్జున నాయకుడు శివలోకానికి వెళ్లారని, వారి పుణ్యం కోసం పువ్వుల ముమ్మడి అనే అతను సోమనాథదేవుడికి భూమి ఇచ్చాడని అందులో ఉంది. ఇరవై ఏడేళ్లు రాజ్యం చేసిన మనిషికే ఆనవాళ్లు ఇలా పక్కదారిన దొరుకుతున్నాయి. ఆమెను చూసి ఆ కాలపు కాపు ఇల్లాలి బతుకు ఎలా ఉండేదో ఊహించడం మాత్రం కుదరదు.

## శాసనం చేతికి వచ్చాక

శాసనంలో ఒక ఆడమనిషి కనిపించింది. ముందుగా ఏం చూడాలి?

ఆమె అక్కడ ఏ హోదాలో ఉందో చూడాలి. మూడు రకాలుగా ఉంటుంది. ఆమే దాత కావచ్చు. వేరెవరో ఇచ్చిన దానానికి పుణ్యం అందుకునే మనిషి కావచ్చు: "మా తల్లికి పుణ్యంగా" అన్నప్పుడు ఇచ్చింది కొడుకు. లేదా దాతను గుర్తుపట్టడానికి చెప్పిన చుట్టరికం కావచ్చు. ఈ మూడింటినీ కలిపి "స్త్రీల దానాలు" అని లెక్కేసిన వ్యాసాలు చూశాను. అలా చేస్తే లెక్క ఎందుకూ పనికిరాదు.

తర్వాత పేరు ఉందా, చుట్టరికం మాత్రమే ఉందా అని చూడాలి. అమరావతిలో విధికుడనే చర్మకారుడి దానం ఒకటుంది. పూర్ణఘటం చెక్కిన పలక ఇచ్చాడు. తండ్రి నాగ ఉపాధ్యాయుడు, కొడుకు పేరు కూడా నాగుడే అని రాయించాడు. ఆ కుటుంబంలో తల్లి, భార్య, కూతుళ్లు కూడా పుణ్యంలో పాలుపంచుకున్నారు. వాళ్ల పేర్లు లేవు. తోలుపని చేసే ఇల్లు రెండువేల ఏళ్ల కిందట రాయికెక్కడమే అరుదు. ఆ అరుదైన రాయిలో కూడా తాత పేరు, మనవడి పేరు నిలిచాయి, మధ్యలో ఉన్న ఆడవాళ్లు చుట్టరికాలుగా మిగిలారు. తోలు ఊనడంలో, కుట్టడంలో ఆ ఇంటి ఆడవాళ్ల చెయ్యి ఎంత ఉందో ఈ రాయి చెప్పదు.

"ఫలానావారి భార్య", "ఫలానావారి కూతురు" అని రాశారంటే ఆమెకు సొంత ఆస్తి లేదనా?

అలా అనుకోవద్దు. చుట్టరికం చెప్పడం ఆనాటి చిరునామా. మగవాళ్లను కూడా తండ్రి పేరుతోనే చెప్పేవారు. శాతవాహన రాజులైతే గౌతమీపుత్ర, వాసిష్ఠీపుత్ర అని తల్లి గోత్రం చెప్పుకున్నారు. అంతమాత్రాన అక్కడ తల్లుల రాజ్యం నడిచిందనీ అనలేం.

నాగార్జునకొండలో ఉపాసిక బోధిసిరి శాసనం చూడండి. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి 14వ పాలనా సంవత్సరం నాటిది. ఆమె రాణి కాదు. చుల్లధమ్మగిరి మీద సింహళ భిక్షువుల కోసం చైత్యగృహం కట్టించింది. అంతటితో ఆగలేదు. వేరువేరు చోట్ల తాను చేయించినవన్నీ జాబితా రాయించింది: ఒకచోట మూడు గదులు, ఇంకోచోట ఏడు గదులు, చెరువు, కంటకసెలలో, అంటే నేటి ఘంటసాలలో, రాతి మండపం. పుణ్యం పంచిన చుట్టాల వరస ఇంకా పొడుగు. భర్త, మామ, అత్త, మరుదులతో మొదలుపెట్టి పుట్టింటివాళ్లందరినీ పేరుపేరునా చెప్పింది. ఇంత ఖర్చు చేసిన మనిషి చేతిలో డబ్బు మీద కొంత పెత్తనం ఉండే ఉంటుంది. ఆ డబ్బు పుట్టింటిదా, అత్తింటిదా, వ్యాపారంలో వచ్చిందా అన్నది మాత్రం శాసనంలో లేదు.

ధర్మశాస్త్రం చూసి తేల్చేద్దామనుకుంటారు కొందరు. 13వ శతాబ్దంలో కేతన తెలుగు చేసిన విజ్ఞానేశ్వరంలో స్త్రీధనం గురించి ఉంది నిజమే. అది ఇలా ఉండాలి అని చెప్పే పుస్తకం. ఒక ఊళ్లో ఒక ఇంట్లో ఏం జరిగిందో తెలియాలంటే దానపు రాయే మేలైన సాక్ష్యం.

గుడిసానులు అంటే దేవదాసీలే కదా?

19వ శతాబ్దపు చర్చల్లో వినే దేవదాసీ బొమ్మను పట్టుకెళ్లి 13వ శతాబ్దపు రాయి మీద అతికించొద్దు. కాకతీయుల కాలపు శాసనాల్లో గుడిసానులు, అంటే గుడి కొలువులో ఉన్న ఆడవాళ్లు, స్వయంగా దాతలు. దీపాలకు, నైవేద్యాలకు తమ సొమ్ము ఇచ్చారు. చాలామంది తాము ఫలానా నాయకుడి కూతురినో, ఫలానా సెట్టి కూతురినో అని చెప్పుకున్నారు. దాచుకోవాల్సిన పుట్టుక అయితే తండ్రి పేరు రాతి మీద చెక్కించుకోరు. పేరు చివర "సాని" కనబడగానే గుడి మనిషి అనుకోవడం కూడా తప్పే. సామంతుల ఇళ్లలో ఆడవాళ్లకూ ఆ మాట ఉండేది. గుడి కొలువు ప్రస్తావన ఉందో లేదో చూసి అప్పుడు నిర్ణయించుకోవాలి.

## పని సంగతి

వందల శాసనాలు చదివాను. ఆడవాళ్లు పనిచేస్తున్నట్టు ఒక్కచోటా లేదేం?

పని ఉంది, పని చేసిన మనిషి లేదు. ఒక అఖండదీపం శాసనాన్ని విప్పి చూస్తే ఇది తెలుస్తుంది. ద్రాక్షారామం భీమేశ్వరాలయంలో 11-13 శతాబ్దాల్లో ఇలాంటివి చాలా చెక్కించారు. ఒక్క రాయి గురించి కాకుండా, వాటి మూస చెబుతాను.

ముందు శక సంవత్సరం, రాజు పేరు, పాలనా సంవత్సరం. తర్వాత దాత. మగవాడు కావచ్చు, ప్రెగ్గడ అనే ఫలానా రాజోద్యోగి భార్య కావచ్చు. దేవుడికి అఖండదీపం పెట్టింది. దానికోసం యాభై గొర్రెలు ఇచ్చింది. వాటిని ఫలానా బోయ తీసుకున్నాడు. తాను, తన కొడుకులు, మనవళ్లు సూర్యచంద్రులున్నంతకాలం రోజూ మానెడు నెయ్యి గుడికి పోయాలి. తర్వాత సాక్షులు, శాపం.

ఇప్పుడు ఆ మానెడు నెయ్యి ఎలా వస్తుందో చూడండి. మందను మేపాలి. పాలు పిండాలి. కాచాలి, తోడుపెట్టాలి, మజ్జిగ చిలకాలి, వెన్న తీయాలి, పోగుచేసి కరగబెట్టాలి. గొర్రె ఈనాక కొన్ని నెలలే పాలిస్తుంది, అందుకని ఏడాది పొడవునా ఒకే కొలత పోయాలంటే పాలున్న నెలల్లో నెయ్యి నిలవచేసుకోవాలి, లేదా ఇంకో పశువు పాలతోనో కొనుగోలుతోనో పూడ్చాలి. చచ్చిన గొర్రె స్థానంలో కొత్తది రావాలి. తమిళ శాసనాలు వీటిని చావని, ముసలివి కాని గొర్రెలని అంటాయి. మంద లెక్క ఎప్పటికీ తగ్గకూడదని దానర్థం.

ఈ బాధ్యతంతా రాతిలో ఒక్క బోయ పేరు మీద ఉంది. మందతో అడవికి పోయినవాడు అదే పూట ఇంట్లో కూర్చుని మజ్జిగ చిలకలేడు. కాబట్టి ఒప్పందం మగవాడి పేర ఉన్నా, కట్టుబడింది ఇల్లంతా. "పుత్రానుపౌత్రికంగా" అన్న మాట కొడుకుల్నీ మనవళ్లనీ కట్టేసింది. ఆ ఇంటికొచ్చిన కోడళ్లు కూడా తమ పేరు లేని ఒప్పందంలోకే అడుగుపెట్టారు.

ఆ నెయ్యి ఆడవాళ్లే తీశారని రుజువుందా? మీ ఊహేనా?

దాతగా ఆడమనిషి పేరున్న చోట ఆమె ఇచ్చిందనేది రుజువు. నెయ్యి పని ఒక మనిషి చేసే పని కాదు, ఇంటి పని అనేది లెక్కవేస్తే తేలే సంగతి. అందులో చిలకడం ఆడవాళ్లదనేది సబబైన ఊహ. పాటల్లో, కావ్యాల్లో, బొమ్మల్లో కవ్వం పట్టింది గొల్లభామలే కనుక ఊహకు బలముంది, కానీ కృష్ణుడి కథ వల్ల ఆ బొమ్మ అచ్చుపోసినట్టు తిరుగుతుంటుందని గుర్తుంచుకోవాలి. రాసేటప్పుడు ఈ మూడు మెట్లనూ వేరువేరుగా ఉంచండి. "బోయ స్త్రీలు నెయ్యి తీసేవారని శాసనం చెబుతోంది" అని రాస్తే అబద్ధం.

విదేశీ యాత్రికులు కళ్లారా చూసి రాశారు కదా, అవి సరిపోవా?

బయట జరిగే పనికి చాలా పనికొస్తాయి. 17వ శతాబ్దంలో ఫ్రెంచి వజ్రాల వర్తకుడు తవెర్నియే కృష్ణ ఒడ్డున కొల్లూరు గనికి వచ్చాడు. అక్కడ ఆడా మగా పిల్లా కలిపి దాదాపు 60,000 మంది పనిచేస్తున్నారని, మగవాళ్లు తవ్వుతుంటే ఆడవాళ్లు, పిల్లలు మట్టి మోస్తున్నారని రాశాడు. అరవై వేలు ఎవరూ తలలు లెక్కపెట్టి చెప్పిన సంఖ్య కాదు, కంటి అంచనా. పని పంపకం మాత్రం చూసి రాసిందే. గోల్కొండ వజ్రాల గురించి ఇంత చదువుతాం, ఆ మట్టి తట్ట ఎవరి నెత్తిన ఉందో చెప్పింది ఇలాంటి ఒక్క వాక్యమే.

ఇంట్లో జరిగే పని దగ్గరికొచ్చేసరికి యాత్రికుడి చూపు ఆగిపోతుంది. అదే రాజ్యంలో మచిలీపట్నం రేవు నుంచి బట్ట ఓడల కొద్దీ వెళ్లింది. కంపెనీల కాగితాల్లో వర్తకులున్నారు, బయానా పుచ్చుకున్న నేతగాళ్లున్నారు, అద్దకం వాళ్లున్నారు. మగ్గం మీదకెక్కే నూలు వడికినవాళ్లు దాదాపుగా లేరు. ఒక మగ్గం ఆడాలంటే కొన్ని రాట్నాలు తిరగాలి, అంటే ఆ వ్యాపారంలో మందిబలం ఎక్కువున్న పనే కాగితానికి ఎక్కలేదు. కంపెనీ నేరుగా బయానా ఇచ్చింది వాళ్లకు కాదు. అందుకే రాసుకోవాల్సిన అవసరం పడలేదు.

## పాటలు, కావ్యాలు

దంపుడు పాటలు, తిరగలి పాటలు ఆడవాళ్లవే కదా. వాటితోనే చరిత్ర రాయొచ్చుగా?

కాలం తెలియకపోవడమే చిక్కు. మనకు దొరికినవి ఎక్కువగా ఈ వంద, నూటయాభై ఏళ్లలో ఎవరో పాడగా రాసుకున్నవి. పాడే ప్రతి మనిషీ ఓ మాట మార్చుతుంది. ఒకే పాటలో పాత బాణీ ఉంటుంది, మొన్నటి రైలుబండీ ఉంటుంది. కాకతీయుల నాటి బతుక్కి ఆ పాటను సాక్ష్యంగా పిలవడం కుదరదు. పని ఎలా చేసేవారు, ఎంతమంది కలిసి చేసేవారు, అత్తింటి మీద ఏ మాటలు పైకి అనగలిగేవారు అన్నవి తెలుసుకోవడానికి మాత్రం అంతకన్నా మంచి చోటు లేదు. ఎవరు, ఏ ఊళ్లో, ఏ సంవత్సరం పాడారో రాసి ఉన్న సేకరణలనే వాడండి.

ఆడవాళ్లే రాసిన కావ్యాలు ఉన్నాయి కదా, అవి ఎందుకు అంత తక్కువ?

రాసినవన్నీ మన దాకా రాలేదు. వచ్చినవి కూడా యథాతథంగా రాలేదు. ముద్దుపళని సంగతి తెలిసిందే. 18వ శతాబ్దంలో తంజావూరు ప్రతాపసింహుడి కొలువులో రాధికాసాంత్వనం రాసింది. 1887లో అది అచ్చయినప్పుడు పరిష్కర్త కొన్ని పద్యాలు వదిలేశాడు, తన వంశం గురించి ఆమె చెప్పుకున్న అవతారిక కూడా పోయింది. బెంగుళూరు నాగరత్నమ్మ రాతప్రతి సంపాదించి 1910లో పూర్తి పాఠం అచ్చువేయించింది. మరుసటేడు ప్రభుత్వం అశ్లీలమని నిషేధించింది. టంగుటూరి ప్రకాశం హయాంలో గానీ నిషేధం పోలేదు.

శృంగార పద్యాల గొడవే అందరికీ గుర్తుంటుంది. నాకు మాత్రం అవతారిక పోవడమే పెద్ద నష్టంగా తోస్తుంది. అందులో ఆమె తన ఇంటి ఆడవాళ్లను, చదువును, గౌరవాన్ని చెప్పుకుంది. చరిత్రకు కావలసింది సరిగ్గా అదే, పరిష్కర్తకు అక్కర్లేనిదీ అదే.

## లెక్కలు, రాతలు

దాతల్లో ఆడవాళ్లు ఎంత శాతమో లెక్కవేయొచ్చా?

వేయొచ్చు, ఆ శాతం దేనిదో చెబితే. అది "చదవగలిగిన స్థితిలో మిగిలిన, అచ్చయిన దానశాసనాల్లో" శాతం. "సమాజంలో స్త్రీల స్థితి" శాతం కాదు. ఒకే రాణి పది గుళ్లకు ఇస్తే పది దానాలు, ఒక్క మనిషి. భార్యాభర్తలు కలిసి ఇచ్చింది ఎవరి ఖాతాలో వేస్తారో ముందే నిర్ణయించుకోవాలి. అచ్చు సంపుటాల్లో శాసనం పైన ఇచ్చే ఇంగ్లీషు సారాంశాన్ని నమ్ముకుని లెక్కించొద్దు. అక్కడ తరచుగా దాత, రాజు, దానం మాత్రమే ఉంటాయి. దాత వెంట వచ్చిన తల్లి, అక్క, కూతురు తెలుగు పాఠంలోనే దొరుకుతారు.

మా ఊరి గుడి దగ్గర శాసనం ఉంది. అందులో ఆడపేరు ఉన్నట్టుంది, అచ్చయిందో లేదో తెలియదు. ఏం చేయాలి?

ముందు దాన్ని కడగొద్దు, నూనె రాయొద్దు, అక్షరాల్లో సున్నం గానీ రంగు గానీ నింపొద్దు. రంగు పూసినవాడు తాను చదివిన అక్షరాన్నే పూస్తాడు, తర్వాత ఎవరు చూసినా అతని తప్పే కనిపిస్తుంది. పొద్దున గానీ సాయంత్రం గానీ ఎండ ఏటవాలుగా పడేటప్పుడు ఫోటో తీయండి. రాత్రయితే టార్చిని రాతికి పక్కనుంచి, దాదాపు ఆనించినట్టు పట్టండి, గాట్లు నీడ పడి పైకి తేలతాయి. స్తంభమైతే నాలుగు ముఖాలూ తీయాలి. నేలలో కూరుకుపోయిన కింది పంక్తులు మరీ ముఖ్యం, ఎందుకంటే నెయ్యి పోసేదెవరు, గొర్రెలు తీసుకున్నదెవరు, పుణ్యం ఎవరికి అన్నవి చివర్లోనే ఉంటాయి. తవ్వే పని మాత్రం మీరు పెట్టుకోకండి.

అచ్చయిందో లేదో తెలుసుకోవడానికి దక్షిణ భారత శాసన సంపుటాల్లో తెలుగు ప్రాంతానివి (ముఖ్యంగా 4, 5, 6, 10), జిల్లాల వారీ శాసన సంపుటాలు వెతకండి. ఊరి పేరు పాత తాలూకా కింద, పాత స్పెల్లింగులో ఉండొచ్చు. దొరక్కపోతే ఫోటోలు, ఊరి వివరాలు రాష్ట్ర పురావస్తు శాఖకు గానీ మైసూరులోని కేంద్ర శాసన విభాగానికి గానీ పంపండి. వాళ్లు వచ్చి కాగితం మీద అచ్చు తీస్తారు. పంపేటప్పుడు "స్త్రీ పేరు ఉంది" అని మాత్రమే రాయకుండా, ఏ ముఖం మీద, ఎన్నో పంక్తిలో కనిపించిందో రాస్తే చదివేవాళ్లు ముందు అక్కడే చూస్తారు.